మొదటి జాబ్‌కు ముందు, తర్వాత: లేత్ షాపులో మూలధన వ్యయం, రాబడి వ్యయం

ప్రశ్న: "మాది విజయవాడ ఆటోనగర్‌లో అద్దె షెడ్డులో నడిచే చిన్న లేత్ వర్క్‌షాప్. నవంబరులో ఒక సెకండ్ హ్యాండ్ లేత్ 4,20,000కి కొన్నాం. 20వ తేదీన దాని మీద మొదటి జాబ్ తీశాం. తెచ్చి బిగించి, రిపేర్లు చేయించి పనిలో పెట్టేసరికి ఇంకో లక్ష అయింది. లారీ, క్రేన్, హమాలీ 28,000, ఫౌండేషన్ 20,000, ప్యానెల్, స్టార్టర్, కేబుల్ 18,000, హెడ్‌స్టాక్ బేరింగులు 16,000, మోటారు వైండింగ్ 9,000, ఎలైన్‌మెంట్ మెకానిక్‌కు 5,000, మా కుర్రాళ్ళ కూలి 4,000. మా అకౌంటెంట్ ఈ లక్షా రిపేర్లలో రాశాడు. ఆడిటర్ గారేమో లేత్ ధరలో కలపాల్సిందే అంటున్నారు. ఫిబ్రవరిలో మా పాత లేత్‌కు 58,000 పెట్టి బెడ్ గ్రైండింగ్ చేయించాం. దాన్ని మాత్రం ఖర్చుగా రాసుకోమంటున్నారు. 4,000 కూలి ఆస్తి, 58,000 బిల్లు ఖర్చు ఎలా అవుతాయి సార్?"

మీ ఆడిటర్ గారు రెండు చోట్లా సరిగ్గానే చెప్పారండి. మీ అకౌంటెంట్‌ను కూడా ఏమీ అనకండి, ఆ పొరపాటు నేనూ చేసినవాణ్ణే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక షీట్ మెటల్ షాపు లెక్కలు నాకు అప్పగించారు. వాళ్ళు పాత పవర్ ప్రెస్సు ఒకటి కొని, క్లచ్ మార్పించి, క్రాంక్ షాఫ్ట్ బుష్‌లు వేయించి పనిలో పెట్టుకున్నారు. మెకానిక్ ఇచ్చిన బిల్లు మీద పెద్ద అక్షరాలతో "ప్రెస్సు రిపేరు" అని ఉంది. నేను ఇంకేమీ చూడకుండా రిపేర్ల ఖాతాలో వేసేశాను. మా సీనియర్ ఆ వోచర్ దగ్గర వేలు పెట్టి ఒకటే మాట అడిగారు: "ఈ రిపేరు చేసేనాటికి ఆ ప్రెస్సు మన షాపులో ఒక్క ముక్కైనా కొట్టిందా?" కొట్టలేదు. "మరి మనది పాడైందేముంది, బాగు చేయించడానికి?" అన్నారు. ముప్పై ఏళ్ళయింది, ఇప్పటికీ మెషీన్ బిల్లు చేతికొస్తే ముందు ఆ ప్రశ్నే గుర్తొస్తుంది.

మీ విషయంలో కూడా తెగాల్సింది అక్కడే. మొత్తం పెద్దదా చిన్నదా అన్నది, బిల్లు మీద ఏ మాట ఉందన్నది పక్కన పెట్టండి. ఆ డబ్బు మీకు ఏం చేసిపెట్టింది? లేని ఆస్తిని తెచ్చి పనికి సిద్ధం చేసిందా, లేక ఉన్న ఆస్తి పని చేస్తూ ఉండేలా చూసిందా? మొదటిదైతే మూలధన వ్యయం. అది ఆస్తి అప్పుల పట్టీలోకి పోయి, తరుగుదల రూపంలో ఏటా కొంచెం కొంచెంగా లాభంలోంచి తగ్గుతుంది. రెండోదైతే రాబడి వ్యయం, ఆ ఏడాది లాభనష్టాల ఖాతాలోనే మొత్తం తేలిపోతుంది.

మీరు 4,20,000 ఇచ్చిన రోజున మీకు దొరికింది ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోండి. ఎవరిదో షెడ్డులో, మోటారు సరిగా లేక, హెడ్‌స్టాక్ బేరింగులు అరిగి మోత పెడుతున్న ఇనుము. దాని మీద మీరు ఒక బుష్ కూడా తీయలేరు. అది మీ షెడ్డుకు రావాలి, కాంక్రీటు మీద కూర్చోవాలి, ఫౌండేషన్ బోల్టులు బిగియాలి, కరెంటు అందాలి, స్పిండిల్ మోత లేకుండా తిరగాలి, స్పిరిట్ లెవల్ పెట్టి బెడ్ సరిచేయాలి, ఒక రాడ్ పట్టి ట్రయల్ కట్ తీస్తే రెండు చివరలా మైక్రోమీటర్‌లో ఒకే కొలత రావాలి. అప్పటికి గానీ అది లేత్ కాదు. అక్కడిదాకా పెట్టిన ప్రతి రూపాయీ లేత్ ధరే. అందుకే మీ లేత్ అసలు ధర 5,20,000.

వీటిలో మోటారు వైండింగ్, బేరింగుల దగ్గరే అందరూ తడబడతారు. అవి రిపేర్లే కదా అంటారు. పనిగా చూస్తే రిపేర్లే. కానీ ఆ బేరింగులు మీ దగ్గర పనిచేసి అరిగినవి కావు, పాత యజమాని వాడి అరగదీసినవి. ఆ లోపం ఉందనే ఆయన మీకు అంతకు ఇచ్చాడు. అదే లేత్‌ను ఆయన ముందే బేరింగులు మార్పించి, మోటారు చుట్టించి అమ్మి ఉంటే 4,45,000 అడిగేవాడు, మీరు మారుమాట లేకుండా మొత్తం ఆస్తిగా రాసుకునేవారు. ఆ 25,000 ఆయనకు ఇచ్చే బదులు బేరింగుల షాపుకూ వైండింగ్ షాపుకూ ఇచ్చారు, అంతే తేడా.

ఇప్పుడు ఇదే మోటారు రేపు ఆగస్టులో లో-వోల్టేజీకి కాలిపోయిందనుకోండి. అదే వైండింగ్ షాపు, అదే 9,000, బిల్లు మీద అవే మాటలు. కానీ ఈసారి అది నిక్కచ్చిగా రాబడి వ్యయం. లేత్ మీ దగ్గర పనిచేస్తోంది, మధ్యలో పాడైంది, మళ్ళీ పనిలోకి తెచ్చారు. రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టి చూస్తే తేదీ తప్ప ఇంకేమీ తేడా ఉండదు. కాబట్టి మొదటి జాబ్ తీసిన తేదీ మీ దగ్గర రుజువుతో ఉండాలి. ఆ రోజు జాబ్ కార్డు, పార్టీకి ఇచ్చిన బిల్లు కాపీ ఫైల్లో పెట్టుకోండి. తరుగుదల లెక్కకూ ఆ తేదీయే కావాలి, ఎందుకో కింద చెప్తాను.

కుర్రాళ్ళ కూలి సంగతి. మీ ఇద్దరు మనుషులు లేత్ దింపించి, బోల్టులు బిగించి, మెకానిక్ పక్కన నిలబడ్డారు. వాళ్ళకు ఎలాగూ జీతం ఇస్తాం కదా, దాన్ని విడదీయడమేమిటని అనిపిస్తుంది. ఇంటర్ కామర్స్ పరీక్షలో "యంత్ర స్థాపనకు చెల్లించిన వేతనాలు" అని ఒక బిట్ వచ్చేది, గుర్తుందా? ఇది సరిగ్గా అదే. ఆ రోజుల్లో వాళ్ళు పార్టీల జాబులు చేయలేదు, మీ ఆస్తిని నిలబెట్టారు. అయితే ఒక మాట. పని మధ్యలో గంటసేపు వచ్చి చెయ్యేసినవాడి జీతం కూడా విడదీసి రాయమని నేను చెప్పను. పూర్తిగా ఆ పని మీదే ఉన్న రోజులకు లెక్కగట్టండి, చాలు.

ప్యానెల్, స్టార్టర్, కేబుల్ 18,000లో ఒకటి చూసుకోండి. వాటి బిల్లుల్లో జీఎస్టీ ఉండి, దాన్ని మీరు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుని ఉంటే, ఆ పన్ను భాగం లేత్ ధరలో కలవకూడదు. జీఎస్టీ చట్టం 16(3) చెప్పేది ఇదే: పన్ను భాగం మీద తరుగుదల తీసుకుంటే దాని మీద క్రెడిట్ రాదు. రెండూ తీసుకోవడం కుదరదు. మీరిచ్చిన 18,000 పన్ను పోగా మిగిలిన మొత్తమని అనుకుని లెక్క చేస్తున్నాను.

ఇక 58,000 బెడ్ గ్రైండింగ్. మీకు అసలు మింగుడుపడనిది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

లేత్ బెడ్ అంతా ఒకేలా అరగదని మీకు నేను చెప్పక్కర్లేదు. జాబులు ఎక్కువగా చక్ దగ్గరే జరుగుతాయి కాబట్టి సాడిల్ ఆ కాస్త మేరలోనే రోజంతా అటూ ఇటూ తిరుగుతుంది. అక్కడ బెడ్ గుంట పడుతుంది, టెయిల్‌స్టాక్ వైపు కొత్తదానిలాగే ఉంటుంది. గుంటలోకి దిగినప్పుడు టూల్ కొద్దిగా పక్కకు ఒరుగుతుంది, పొడుగు జాబుల్లో టేపర్ వస్తుంది, పార్టీ షాఫ్టు వెనక్కి పంపిస్తాడు. గ్రైండింగ్ చేయిస్తే ఆ గుంట పోయి బెడ్ మళ్ళీ తిన్నగా వస్తుంది. బెడ్ కాస్త కిందికి దిగుతుంది కాబట్టి లీడ్ స్క్రూకు అందేలా సాడిల్ కింద లైనింగ్ వేసి ఎత్తు సరిచేస్తారు. ఇంతా చేశాక మీకు దక్కిందేమిటి? ఒకప్పుడు ఆ లేత్ ఇచ్చిన కొలతే మళ్ళీ ఇస్తోంది. ఇంతకు ముందు పట్టని పెద్ద జాబ్ ఇప్పుడు పట్టదు, స్పీడు పెరగలేదు, కొత్త రకం పనేదీ రాలేదు. పోయిన సామర్థ్యం తిరిగొచ్చింది, అంతే. 1961 ఆదాయపు పన్ను చట్టం 31వ సెక్షన్‌లో "కరెంట్ రిపేర్స్" అన్నది ఇలాంటి వాటినే. ఉన్న ఆస్తిని కాపాడుకోవడానికి, నిలబెట్టుకోవడానికి పెట్టే ఖర్చు అది.

"మళ్ళీ ఐదారేళ్ళు పనికొస్తుంది కదా సార్, అంటే ఆస్తే కదా" అని చాలామంది అడుగుతారు. ఎక్కువ కాలం ప్రయోజనం ఇస్తే మూలధన వ్యయం అని పుస్తకాల్లో చదువుకున్నదాని ప్రభావం అది. ఆ సూత్రానికి మూలం 1920ల నాటి ఇంగ్లండ్ తీర్పు ఒకటి. కానీ దాన్ని కళ్ళు మూసుకుని అన్నిటికీ పట్టించకూడదని మన సుప్రీంకోర్టే 1980లో ఎంపైర్ జూట్ కేసులో చెప్పింది. ఆ జూట్ మిల్లు తన మగ్గాలను ఇంకొన్ని గంటలు నడుపుకునే హక్కు కోసం వేరే మిల్లులకు డబ్బు కట్టింది. ఉన్న యంత్రాలనే ఇంకాస్త లాభంగా నడుపుకోవడానికి పెట్టిన ఖర్చు కాబట్టి అది రాబడి వ్యయమేనని కోర్టు తేల్చింది. ఎన్నాళ్ళు పనికొస్తుందన్నది చూడాల్సిన వాటిలో ఒకటి మాత్రమే. బెడ్ గ్రైండింగ్ ఐదేళ్ళు నిలబడినా, అది పాత లేత్‌ను పాత స్థితికి తెచ్చిందే తప్ప ఇంకో ఆస్తిని ఇవ్వలేదు.

అయితే మీరు గ్రైండింగ్ చేయించిన మెకానిక్ ఇచ్చిన బిల్లు ఒకసారి తెరిచి చూడండి. వాళ్ళు తరచూ ఇంకేవైనా అంటగడతారు. ఎలాగూ విప్పాం కదా, డీఆర్‌ఓ పెట్టించుకోండి, సాడిల్ ఎంత కదిలిందో డిస్‌ప్లే మీద అంకెల్లో కనిపిస్తుందంటారు. అది పెట్టించి ఉంటే మాత్రం ఆ ముక్క రిపేరు కాదు. పాత లేత్‌కు లేని సౌకర్యం కొత్తగా వచ్చింది కాబట్టి దాని ధర ఆస్తికి కలపాలి. బిల్లు ఒకటే అయినా లెక్కలో రెండు ముక్కలు చేయాలి. అందుకే పని చేయించేటప్పుడే మెకానిక్‌తో విడివిడిగా రాయించుకోమంటాను. "లేత్ పని మొత్తం 93,000" అని ఒక్క లైనులో రాసిచ్చిన బిల్లు పట్టుకుని ఏడాది తర్వాత ఎవరూ ఏమీ తేల్చలేరు. మోటారు కూడా అంతే. కాలిపోయిన 3 హెచ్‌పీ తీసి 3 హెచ్‌పీ పెడితే రిపేరు. పెద్ద చక్ వేసుకుందామని బాగానే ఉన్న 3 హెచ్‌పీ తీసేసి 5 హెచ్‌పీ పెడితే, చక్కూ మోటారూ రెండూ ఆస్తికే పోతాయి.

ఇంకో గీత కూడా ఉంది. మెషీన్‌లో ఒక భాగం మార్చడం వేరు, మెషీన్‌నే మార్చడం వేరు. మీ కంప్రెసర్ పోయి కొత్తది తెచ్చారనుకోండి. "పాతదాని స్థానంలోనే పెట్టాం, షాపు సామర్థ్యం ఏమీ పెరగలేదు, షాపు మొత్తం ఒక యంత్రం లాంటిది, కంప్రెసర్ అందులో ఒక భాగం" అని వాదించాలని అనిపిస్తుంది. శరవణ స్పిన్నింగ్ మిల్స్ సరిగ్గా ఇలాగే వాదించింది. మిల్లు మొత్తం ఒకే ప్లాంటు, రింగ్ ఫ్రేమ్ దానిలో భాగం, కాబట్టి పాత ఫ్రేమ్ స్థానంలో కొత్తది పెట్టడం రిపేరే అంది. 2007లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. రింగ్ ఫ్రేమ్ దానంతట అదే ఒక యంత్రం, దాన్ని మార్చడం కరెంట్ రిపేరు కాదంది. మీ షాపుకు పట్టిస్తే, కంప్రెసర్ లోపలి పిస్టన్ రింగులు, వాల్వులు మారిస్తే రిపేరు, కంప్రెసర్‌నే మారిస్తే ఆస్తి.

ఇప్పుడు అంకెలు. ఇక్కడే చాలామంది, లక్ష రూపాయలు ఖర్చులో రాయకపోతే పోయినట్టే అనుకుని టెన్షన్ పడతారు. పోదు, నెమ్మదిగా వస్తుంది.

సాధారణ యంత్రాలకు ఆదాయపు పన్నులో తరుగుదల 15 శాతం, ఏటా మిగిలిన విలువ మీద కడతారు. కానీ ఆ ఏడాదిలో 180 రోజుల కంటే తక్కువ వాడితే సగమే, అంటే 7.5 శాతం. మార్చి 31 నుంచి వెనక్కి లెక్కపెడితే 180 రోజులకు అక్టోబర్ 3 వస్తుంది. మీరు మొదటి జాబ్ తీసింది నవంబరు 20న, అంటే 132 రోజులే. కాబట్టి మొదటి ఏడాది 5,20,000 మీద 7.5 శాతం, 39,000. మిగిలిన విలువ 4,81,000. రెండో ఏడాది దాని మీద 15 శాతం, 72,150. ఆ తర్వాత 4,08,850 మిగులుతుంది. అలా ముందుకు పోతుంది.

మీ అకౌంటెంట్ రాసినట్టు ఉంచితే ఏమయ్యేది? లక్ష రిపేర్లలో, 4,20,000 మీద 31,500 తరుగుదల, మొత్తం 1,31,500 లాభంలోంచి తగ్గేది. తగ్గాల్సింది 39,000. అంటే లాభం 92,500 తక్కువ కనిపిస్తుంది, దాని మీద పన్ను ఇప్పుడు ఎగ్గొట్టినట్టవుతుంది. రేపు నోటీసు వచ్చి ఆ రిపేర్లు తీసేస్తే పన్నుకు తోడు వడ్డీ. పోనీ అది రాలేదనుకున్నా, ఇదే లెక్కలు పట్టుకుని వర్కింగ్ క్యాపిటల్ కోసం బ్యాంకుకు వెళ్ళారనుకోండి. అక్కడ లాభం తక్కువ, ఆస్తులు తక్కువ కనిపిస్తాయి. మేనేజరు అడిగేది అదే కాగితం.

తప్పు అటువైపు కూడా జరుగుతుంది. ఆడిటర్ గారి మాట విని హడలిపోయి, బెడ్ గ్రైండింగ్ 58,000 కూడా ఆస్తిలో కలిపేశారనుకోండి. ఫిబ్రవరి కాబట్టి 7.5 శాతం, 4,350 మాత్రమే ఈ ఏడాది తగ్గుతుంది. మిగతా 53,650 లాభంగా కనిపించి, దాని మీద ఈ ఏడాదే పన్ను కట్టాలి. హక్కుగా రావాల్సిన తగ్గింపును మీరే పదేళ్ళు సాగదీసుకున్నట్టు. నాకు తెలిసిన చిన్న షాపుల్లో ఈ రెండో తప్పు కూడా తక్కువేమీ కాదు, కాకపోతే దీనికి నోటీసులు రావు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

ఇంతా చెప్పాక, మీరు 44ఏడీ సెక్షన్ కింద టర్నోవర్‌లో ఒక శాతాన్ని లాభంగా చూపించి రిటర్న్ వేస్తుంటే ఈ ఏడాది పన్ను అంకె దీనివల్ల మారదు. అలాగని వదిలేయకండి. ఆ పద్ధతిలో తరుగుదల తీసుకున్నట్టే లెక్క, ఆస్తి విలువ ఏటా తగ్గుతూనే ఉంటుంది. మామూలు పద్ధతికి మారిన రోజున సరైన విలువ దొరకాలంటే మొదట్లో ధర సరిగా రాసి ఉండాలి.

లేత్‌కు లోన్ తీసుకుని ఉంటే వడ్డీలో కూడా ఆ నవంబరు 20 గీతే ఉంటుంది. డబ్బు తీసుకున్న రోజు నుంచి లేత్ మొదటిసారి వాడకంలోకి వచ్చిన రోజు దాకా పడిన వడ్డీ లేత్ ధరలో కలుస్తుంది, ఆ తర్వాతది మామూలు ఖర్చు. మీకు మధ్యలో రెండు మూడు వారాలే కాబట్టి పెద్ద మొత్తం ఉండదు. దీనికంటే పెద్ద పొరపాటు ఈఎమ్ఐ మొత్తాన్ని ఖర్చులో రాసేయడం. ఈఎమ్ఐలో అసలు భాగం ఖర్చూ కాదు, ఆస్తీ కాదు, అప్పు తీర్చడం. లేత్ ధర మీద తరుగుదల తీసుకుంటూ, అదే లేత్ అప్పు అసలును కూడా ఖర్చులో రాస్తే ఒకే డబ్బును రెండుసార్లు తగ్గించుకున్నట్టు. బ్యాంకు ఇచ్చే షెడ్యూల్లో అసలు, వడ్డీ విడివిడిగా ఉంటాయి, అది చూసి రాయించండి. అలాగే కరెంటు లోడు పెంచుకోవడానికి డిపాజిట్ కట్టి ఉంటే అది తిరిగొచ్చే డబ్బు. ఆస్తిగా ఉంటుంది గానీ దాని మీద తరుగుదల ఉండదు.

నగదు గురించి ఒక్క మాట చెప్పాలి, ఇది బాగా దెబ్బ కొడుతుంది. ఆస్తి కొనుగోలులో ఒక మనిషికి ఒక రోజులో 10,000 మించి నగదుగా ఇస్తే, ఆ చెల్లింపు ఆస్తి ధరలో కలవదు. అంటే దాని మీద ఎప్పటికీ తరుగుదల రాదు. పాత మెషీన్లు అమ్మేవాళ్ళు "ఒక లక్ష చేతికివ్వండి, మిగతాది ఖాతాలో వేయండి" అనడం మామూలే. మీరు అలా లక్ష ఇచ్చి ఉంటే తరుగుదలకు పనికొచ్చే ధర 5,20,000 కాదు, 4,20,000 మాత్రమే. రాబడి వ్యయానికీ ఇలాంటి 10,000 పరిమితే ఉంది, అక్కడ ఆ ఖర్చును ఒప్పుకోరు. లేత్ మొత్తం బ్యాంకు ద్వారానే కట్టారని అనుకుంటున్నాను. ఫౌండేషన్ వేసిన మేస్త్రీకి 20,000 ఎలా ఇచ్చారో మాత్రం చూసుకోండి.

చిన్న పనిముట్ల దగ్గర నేను పుస్తకం కంటే కాస్త వదులుగానే ఉంటాను. కార్బైడ్ టిప్పులు, డ్రిల్ బిట్లు, ట్యాపులు, కూలెంట్, వీ-బెల్టులు వాడితే అయిపోయేవి, వాటి మీద చర్చ లేదు. కానీ 3,000 పెట్టి కొన్న వెర్నియర్ కాలిపర్ జాగ్రత్తగా వాడితే పదేళ్ళు ఉంటుంది. అక్షరం పట్టుకుంటే అది ఆస్తే. ఒకప్పుడు ఆదాయపు పన్ను చట్టంలోనే 5,000 లోపు యంత్రాలను ఒకే ఏడాదిలో రాసేసుకునే వీలుండేది, దాన్ని ఎప్పుడో తీసేశారు. అయినా వెర్నియర్‌కు 15 శాతం చొప్పున పదేళ్ళు తరుగుదల కడుతూ కూర్చోవడం ఎవరికీ ఉపయోగం లేదు. ఒక హద్దు పెట్టుకోండి, 5,000 లోపు పనిముట్లు ఖర్చులో రాస్తామని, దాన్ని ఏటా ఒకేలా పాటించండి. లాభం ఎక్కువొచ్చిన ఏడాది 15,000 గ్రైండర్‌ను కూడా "చిన్న పనిముట్టు" అనేసి, తక్కువొచ్చిన ఏడాది వెర్నియర్‌ను ఆస్తి అనడం మొదలుపెడితే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఈ హద్దు లేత్ బిగింపు కూలికి వర్తించదని గమనించండి. ఆ 4,000 విడి వస్తువు కాదు, 5,20,000 లేత్‌లో ఒక ముక్క.

మీది అద్దె షెడ్డు అన్నారు కాబట్టి, ఫౌండేషన్ ఓనర్ నేలలో వేశాం, అది మన ఆస్తి ఎలా అవుతుందన్న అనుమానం మీకు రావచ్చు. ఆ దిమ్మె ఆ లేత్ కోసమే వేసింది కాబట్టి లేత్‌తోనే ఉంటుంది. షెడ్డుకు చేసేవాటి సంగతి వేరే. పగిలిన రేకులు నాలుగు మార్పిస్తే రిపేరు ఖర్చు. పక్కన ఖాళీ జాగాలో గోడలు లేపి షెడ్డు పెంచుకుంటే మూలధన వ్యయం. కట్టడం ఓనర్ స్థలంలో ఉన్నా, మీ వ్యాపారం కోసం మీరు పెట్టిన డబ్బు మీద సొంత భవనానికి వచ్చినట్టే 10 శాతం తరుగుదల మీకు వస్తుంది.

సెక్షన్ నంబర్లు 1961 చట్టానివి చెప్పాను. 2026 ఏప్రిల్ 1 నుంచి మొదలయ్యే సంవత్సరాలకు 2025 ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది కాబట్టి, వాటికి మీ ఆడిటర్ గారు వేరే నంబర్లు చెప్తే కంగారు పడకండి.

దిద్దుబాటుకు పెద్ద పని లేదు. పాత వోచర్లు తీసేయమని అకౌంటెంట్‌కు చెప్పకండి, అవి అలాగే ఉండాలి. మార్చి 31 తేదీతో ఒక జర్నల్ ఎంట్రీ వేయిస్తే సరిపోతుంది. లేత్ ఖాతాకు 1,00,000 డెబిట్. కూలి కూడా రిపేర్లలోనే రాశారంటున్నారు కాబట్టి రిపేర్ల ఖాతాకు మొత్తం 1,00,000 క్రెడిట్. ఒకవేళ ఆ 4,000 జీతాల ఖాతాలో ఉంటే క్రెడిట్ రిపేర్లకు 96,000, జీతాలకు 4,000 అవుతుంది. నరేషన్‌లో ఏడు మొత్తాలూ విడివిడిగా, వోచర్ నంబర్లతో రాయించండి. తర్వాత ట్యాలీలో లేత్ ఖాతా తెరిచి `Under` దగ్గర ఏముందో చూడండి. అక్కడ `Fixed Assets` ఉండాలి. నేను చూసిన ఒక షాపులో ఎంట్రీలన్నీ సరిగ్గానే ఉన్నాయి, కానీ కొత్త మెషీన్ ఖాతాను తెరిచేటప్పుడే `Indirect Expenses` కింద తెరిచారు. మెషీన్ ధర మొత్తం ఆ ఏడాది ఖర్చుగా పోయి, బాగా నడుస్తున్న షాపు ఒక్కసారిగా నష్టంలో కనిపించింది. ఓనర్ రెండు రోజులు నిద్రపోలేదు.

వీలైతే ఇక నుంచి మెషీన్ల బిల్లు రాగానే దాని వెనక పెన్నుతో రెండు ముక్కలు రాసి అకౌంటెంట్‌కు ఇవ్వండి: ఏ మెషీన్‌కు, అది అప్పటికి పనిలో ఉందా లేదా. "కొత్త లేత్, ఇంకా మొదలుపెట్టలేదు" అని ఒకదాని మీద, "పాత లేత్, టేపర్ వస్తోందని బెడ్ గ్రైండింగ్" అని ఇంకోదాని మీద రాసి ఉంటే మీ అకౌంటెంట్ ఈసారి ఆ లక్షను రిపేర్లలో వేసేవాడు కాదు. బెడ్ గ్రైండింగ్ బిల్లులో డీఆర్‌ఓ లాంటిది ఏమైనా కలిసి ఉంటే ఆ లైన్లు ఇక్కడ రాయండి, ఎలా విడదీయాలో చూసి చెప్తాను.